ఏడో ర్యాంకులో వింబుల్డన్ విజేత

2022 జూలైలో నొవాక్ జోకోవిచ్ ఫైనల్లో నిక్ కిర్గియోస్‌ను నాలుగు సెట్లలో ఓడించి ఏడోసారి వింబుల్డన్ గెలిచాడు. మర్నాడు వచ్చిన ఏటీపీ జాబితాలో అతని ర్యాంకు మూడు నుంచి ఏడుకు పడిపోయింది. రష్యా, బెలారుస్ ఆటగాళ్లను వింబుల్డన్ నిర్వాహకులు రానివ్వకపోవడంతో ఆ ఏడాది టోర్నీకి పాయింట్లు ఇవ్వకూడదని ఏటీపీ, డబ్ల్యూటీఏ నిర్ణయించాయి. అంతకుముందు ఏడాది గెలిచిన 2000 పాయింట్లు జోకోవిచ్ ఖాతాలోంచి పోయాయి, కొత్తవి రాలేదు. మహిళల టైటిల్ గెలిచిన ఎలెనా రిబాకినా కూడా పాత 23వ ర్యాంకులోనే ఉండిపోయింది.

ర్యాంకింగ్ పద్ధతిలో తప్పేమీ లేదు. గత 52 వారాల్లో ఎవరు ఏ టోర్నీలో ఏ రౌండు దాకా వెళ్లారన్నదే అది లెక్కపెడుతుంది, టోర్నీల్లో ఎవరికి చోటివ్వాలో తేల్చడానికి అది చాలు. అయితే గెలిచింది ఎవరి మీద అన్నది దానికి పట్టదు. రేపటి మ్యాచ్‌లో ఎవరికి ఎంత అవకాశం ఉందో తెలియాలంటే మొదట కావలసింది ఆ సమాచారమే. దాన్ని పట్టుకునే లెక్క చదరంగం నుంచి వచ్చింది.

అమెరికాలో స్థిరపడిన హంగేరీ సంతతి భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో రూపొందించిన ఈ రేటింగ్‌ను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2800 దాటాడని 2024లో మన పత్రికలు రాసింది ఈ రేటింగ్ గురించే. అందులోని ఆలోచన సులువైనది. ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. ఇద్దరి అంకెల మధ్య తేడాను బట్టి గెలుపు అవకాశం వస్తుంది. మ్యాచ్ అయ్యాక, వచ్చిన ఫలితం ఎంత ఊహించనిదైతే అంకెలు అంత ఎక్కువగా మారతాయి.

```
P = 1 / (1 + 10^((Rb - Ra) / 400))
కొత్త Ra = పాత Ra + K * (ఫలితం - P)
```

ఇందులో `P` మొదటి ఆటగాడి గెలుపు అవకాశం. ఫలితం గెలిస్తే 1, ఓడితే 0. రేటింగులు సమానమైతే అవకాశం చెరి సగం. వంద పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి 64, రెండు వందలుంటే 76, నాలుగు వందలుంటే 91.

`K` అన్నది ఒక్క ఫలితాన్ని మనం ఎంతవరకు నమ్ముతామో చెప్పే అంకె. అందరికీ ఒకే `K` పెడితే టెన్నిస్‌లో చిక్కు వస్తుంది. 2021లో క్వాలిఫయర్‌గా దిగిన ఎమ్మా రదుకాను ఒక్క సెట్టూ ఓడకుండా యూఎస్ ఓపెన్ గెలిచింది. అలాంటి కొత్త క్రీడాకారిణి అంకె త్వరగా కదలాలి. వందల మ్యాచ్‌లు ఆడినవారి అంకె ఒక్క ఓటమికే ఊగిపోకూడదు. అందుకే అమెరికాకు చెందిన ఫైవ్‌థర్టీఎయిట్ సంస్థ టెన్నిస్ కోసం `K = 250 / (n + 5)^0.4` అన్న సూత్రం వాడింది. ఇక్కడ `n` అంతవరకు ఆడిన మ్యాచ్‌ల సంఖ్య. మొదటి మ్యాచ్‌లో `K` సుమారు 131, ఇరవై మ్యాచ్‌ల తర్వాత 69, మూడు వందల తర్వాత 25.

ఇక ఇద్దరు ఊహాజనిత ఆటగాళ్లతో లెక్క వేసి చూద్దాం. రాము రేటింగ్ 2000, ఆడినవి 300 మ్యాచ్‌లు. సోము రేటింగ్ 1850, ఆడినవి 20. తేడా 150 కాబట్టి రాముకు నూటికి 70 అవకాశం. అనుకున్నట్టే రాము గెలిస్తే అతనికి కలిసేది దాదాపు 8 పాయింట్లు, సోముకు తగ్గేది 20. సోము గెలిస్తే రాముకు 18 తగ్గుతాయి, సోముకు ఒక్కసారిగా 49 పెరుగుతాయి. అందరినీ 1500 దగ్గర మొదలుపెట్టి, కొన్నేళ్ల ఫలితాలను ఇలా వరుసగా నడిపిస్తే ఎవరి అంకె వారి దగ్గర కుదురుకుంటుంది.

వరుస అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఒక మ్యాచ్ అవకాశాన్ని దానికి ముందు జరిగిన మ్యాచ్‌లతోనే కట్టాలి. కానీ చాలామంది వాడే జెఫ్ శాక్‌మన్ ఫైళ్లలో ప్రతి మ్యాచ్ పక్కన ఉండేది టోర్నీ మొదలైన తేదీ. రౌండ్లను కూడా చూసి సరిచేయకపోతే ఫైనల్ ఫలితం మొదటి రౌండు అంచనాలోకి జొరబడుతుంది. మోడల్ ఉన్నట్టుండి అద్భుతంగా పనిచేస్తోందంటే మొదట ఇలాంటి లీకు కోసమే వెతకాలి. బంతి పడకుండానే వాకోవర్‌తో ముగిసిన మ్యాచ్‌లను కూడా తీసేయాలి, అవి ఎవరి బలం గురించీ ఏమీ చెప్పవు.

ఇప్పుడు మార్కెట్ దగ్గరికి వద్దాం. బెట్టింగ్ చట్టబద్ధమైన బ్రిటన్ వంటి దేశాల్లో ప్రతి మ్యాచ్‌కూ ధర పలుకుతుంది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. కనుక ఆ ధరతో మనకున్న పని వేరు. ఎందరో డబ్బు పెట్టి చెప్పిన అంచనా అది. మన మోడల్‌ను పరీక్షించడానికి అంతకంటే గట్టి కొలబద్ద దొరకదు.

ఆ మ్యాచ్‌లో రాము ధర 1.60, సోము ధర 2.40 అనుకుందాం. రాము మీద రూపాయి పెట్టి గెలిస్తే, పెట్టిన రూపాయితో కలిపి రూపాయి అరవై పైసలు చేతికొస్తాయి. ధరను తలకిందులు చేస్తే, అంటే ఒకటిని ధరతో భాగిస్తే, అవకాశం వస్తుంది. రాముకు 62.5 శాతం, సోముకు 41.7 శాతం. రెండూ కలిపితే నూరు ఉండాలి, కానీ 104.2 వచ్చింది. ఆ పైన ఉన్నది బుకీ లాభం. రెండు అంకెలనూ 104.2తో భాగించి నూటికి కుదిస్తే రాముకు 60, సోముకు 40 మిగులుతాయి. ఇది తేలిక పద్ధతి, దీనికో లోపం ఉంది. బుకీలు తమ లాభాన్ని ఇద్దరి మీదా ఒకే తీరుగా వేయరు, గెలుపు ఆశ తక్కువున్న ఆటగాడి ధరలోనే ఎక్కువ దాస్తారు. అందుకే బాగా అసమానమైన మ్యాచ్‌లలో ఈ కుదింపు బలహీనుడికి ఉన్నదానికంటే ఎక్కువ అవకాశం చూపిస్తుంది.

మన మోడల్ 70 అంటోంది, మార్కెట్ 60 అంటోంది. మన అంకె నిజమైతే 1.60 ధరకు పెట్టిన ప్రతి రూపాయి మీద సగటున 12 పైసలు మిగలాలి. కాగితం మీద చాలా పెద్ద లాభం ఇది. ఇంత పెద్ద తేడా కనిపించిందంటే మార్కెట్‌కు తెలిసినదేదో మనకు తెలియలేదని ముందుగా అనుమానించాలి.

ఈ మ్యాచ్ మట్టి కోర్టు మీద జరుగుతోందనుకుందాం. మన లెక్క ఆ సంగతి పట్టించుకోలేదు. టెన్నిస్‌లో కోర్టు మారితే ఆటే మారిపోతుంది. మట్టి మీద బంతి నెమ్మదించి ఎత్తుగా లేస్తుంది, పచ్చిక మీద కిందుగా జారిపోతుంది. అందుకే మోడల్ కట్టేవారు మట్టి, పచ్చిక, హార్డ్ కోర్టులకు వేర్వేరు రేటింగులు కూడా నడుపుతారు. అయితే పచ్చిక మీద ఏడాదికి కొన్ని వారాలే ఆట ఉంటుంది. అంత తక్కువ మ్యాచ్‌లతో కట్టిన అంకె ఒక్కటే నమ్మదగినది కాదు కాబట్టి, మొత్తం రేటింగ్‌నూ కోర్టు రేటింగ్‌నూ చెరి సగం కలపడం వాడుక. మట్టి మీద రాము రేటింగ్ 1900, సోముది 1940 అయితే, కలిపిన అంకెలు 1950, 1895. తేడా 55కు తగ్గింది, రాము అవకాశం 58 శాతానికి దిగింది. 12 పైసల లాభం ఏడు పైసల నష్టంగా మారిపోయింది.

ఇప్పుడు సోము వైపు రూపాయికి ఒక పైసా లాభం కనిపిస్తుంది. దాన్నీ నమ్మడానికి లేదు. 2.40 ధరకు లాభనష్టాలు సరితూగే చోటు 41.7 శాతం, మన మోడల్ చెప్పింది 42.2. అర శాతం కచ్చితత్వం మోడల్‌కు ఉందనుకుంటేనే ఆ పైసా నిజం, ఇలాంటి మోడళ్లకు అంత కచ్చితత్వం ఉండదు.

కోర్టును కలిపినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. 2024 ఫ్రెంచ్ ఓపెన్ మొదటి రౌండులో రఫెల్ నాదల్, అలెగ్జాండర్ జ్వెరెవ్ తలపడ్డారు. అప్పటికి ఆ టోర్నీలో నాదల్ 112 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడాడు. అలాంటి గతం మట్టి రేటింగ్‌లో పేరుకుని ఉంటుంది. 2023 ఆరంభంలో తుంటి గాయమైనప్పటి నుంచి అతను ఆడింది చాలా తక్కువ. జ్వెరెవ్ అప్పుడే రోమ్ టైటిల్ గెలిచి వచ్చాడు, వరుస సెట్లలో నెగ్గాడు. ఆడనివాడి రేటింగ్ ఎలో లెక్కలో కదలదు. నెలల తరబడి దూరమైనవారి అంకెను కొంత తగ్గించి, తిరిగొచ్చాక కొన్నాళ్లు `K` పెంచడం దీనికి మందు. ఎంత తగ్గించాలో పాత ఫలితాలతోనే తేల్చుకోవాలి.

మోడల్ బాగుందో లేదో ఒక మ్యాచ్‌తో తెలియదు. 70 శాతం అని చెప్పిన మ్యాచ్‌లన్నీ ఒకచోట చేర్చి, వాటిలో నూటికి దాదాపు డెబ్బై గెలిచాయా అని చూడాలి. అదీ తొందరపడి కాదు. అంచనా అచ్చంగా సరైనదే అయినా, నూరు మ్యాచ్‌లలో 61 నుంచి 79 దాకా ఎన్ని గెలిచినా అది అదృష్టపు ఊగిసలాటే కావచ్చు. తీర్పు చెప్పాలంటే వేల మ్యాచ్‌లు కావాలి. రెండు మోడళ్లను పోల్చడానికి లాగ్ లాస్ అనే కొలత వాడతారు. ధీమాగా చెప్పి తప్పితే ఇది గట్టిగా శిక్షిస్తుంది. 60 శాతం అన్నవాడు ఓడితే జరిమానా 0.92, 90 శాతం అన్నవాడు ఓడితే 2.30. తక్కువ జరిమానా ఉన్న మోడల్ మెరుగైనది.

ఈ పరీక్షలో మార్కెట్‌ను ఓడించడం కష్టం. గణాంక శాస్త్రవేత్త స్టెఫనీ కోవల్చిక్ 2016లో ప్రచురించిన పోలికలో, తక్కిన మోడళ్లకంటే ఎలో ముందు నిలిచింది. అయినా బుకీల ఉమ్మడి అంచనా దానికంటే మెరుగ్గా ఉంది. మ్యాచ్ మొదలయ్యే ముందు పలికే ఆఖరి ధరలో ప్రాక్టీసులో కనిపించిన కుంటు, నిన్న అయిదు సెట్లు ఆడిన అలసట, గాలీ ఎండా అన్నీ కలిసి ఉంటాయి. గెలుపోటముల జాబితాతో కట్టిన రేటింగ్‌కు అవేవీ అందవు.

అలాంటప్పుడు మన మోడల్‌కు సొంతంగా తెలిసినది ఏమైనా ఉందా? తేల్చే పరీక్ష ఒకటుంది. మార్కెట్ అంకెలో తొమ్మిది వంతులు, మన అంకెలో ఒక వంతు కలిపి కొత్త అంచనా తయారుచేయాలి. మోడల్ కట్టేటప్పుడు వాడని ఏడాదిలో వేల మ్యాచ్‌ల మీద దాని లాగ్ లాస్ చూడాలి. మార్కెట్ ఒక్కదానికంటే అది తగ్గితే, ధరలోకి ఇంకా చేరని సమాచారం మన రేటింగ్‌లో కొంత ఉన్నట్టే. తగ్గకపోతే, మార్కెట్‌తో వచ్చిన ప్రతి తేడానూ మోడల్ లోపంగానే తీసుకుని దిద్దుకోవాలి.