ఆరు వాక్యాల్లో ఒక ప్రయోగం

మన డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ రికార్డు తెరిస్తే ఉద్దేశం, పరికరాలు, సూత్రం, విధానం, పట్టిక, చివర్లో ఫలితం అన్న వరస కనిపిస్తుంది. అందులో సాధారణంగా కనిపించనిది అబ్‌స్ట్రాక్ట్. నివేదిక మొత్తాన్నీ మొదటి పేజీలోనే ఒక్క పేరాలో చెప్పేసే సారాంశం అది. పై చదువులకు విదేశం వెళ్లిన విద్యార్థికో, ఇక్కడే ఎమ్మెస్సీ ప్రాజెక్టు రాస్తున్న విద్యార్థికో ఇది తొలిసారి ఎదురవుతుంది. అప్పుడు చాలామంది ఇలా రాస్తారు:

“ఈ ప్రయోగంలో బఫర్ సామర్థ్యాన్ని అధ్యయనం చేశాం. బఫర్‌కు క్షారం కలిపి పీహెచ్‌లో వచ్చే మార్పులను గమనించాం. బఫర్లు పీహెచ్‌ను మారనివ్వవని నిరూపితమైంది. ప్రయోగం విజయవంతంగా ముగిసింది.”

చదవడానికి బాగానే ఉంది. కానీ ఏ బఫరో తెలియదు, ఎంత క్షారం కలిపారో తెలియదు, ఒక్క అంకె లేదు. వీటికన్నా పెద్ద లోపం మూడో వాక్యంలో ఉంది. బఫర్ పీహెచ్ మారుతుంది. కాకపోతే కొద్దిగా మారుతుంది. ఆ కొద్ది ఎంతో కొలవడానికే ఈ ప్రయోగం చేసేది. మార్పే లేదని రాసిన విద్యార్థి తాను కొలిచినదాన్ని తానే కొట్టేసుకున్నట్టు.

బఫర్ అంటే బలహీనమైన ఆమ్లం, దాని లవణం కలిసి ఉన్న ద్రావణం. వినిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లం, దాని లవణమైన సోడియం అసిటేట్ కలిపితే మంచి బఫర్ తయారవుతుంది. బయటి నుంచి క్షారం వచ్చి పడితే ఆమ్లం దాన్ని పట్టుకుంటుంది, ఆమ్లం వచ్చి పడితే లవణం పట్టుకుంటుంది. ఎంత పట్టుకోగలదన్నదే బఫర్ సామర్థ్యం. దీనికి లెక్క కట్టే పద్ధతిని చూపినవాడు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రిలో రక్తంలోని ఆమ్ల, క్షారాల సమతూకం మీద పనిచేసిన డొనాల్డ్ వాన్ స్లైక్. 1922లో ఆయన ఇచ్చిన నిర్వచనమే నేటికీ వాడుకలో ఉంది. లీటరు ద్రావణానికి కలిపిన క్షారాన్ని మోల్‌లలో తీసుకుని, దానివల్ల పీహెచ్ ఎంత పెరిగిందో దాంతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. దీన్ని బీటా అంటారు.

పీహెచ్ వేరు, సామర్థ్యం వేరు. బావిలోనూ బిందెలోనూ నీటి మట్టం ఒకటే ఉండవచ్చు. చెంబెడు నీళ్లు పోస్తే బిందెలో మట్టం లేస్తుంది, బావిలో తెలియనే తెలియదు. పీహెచ్ ఆ మట్టం లాంటిది. అది చూసి సామర్థ్యం ఎంతో చెప్పలేం. ఈ సంగతిని అంకెలతో తేల్చే ప్రయోగం ఒకటి తీసుకుని, దానికి అబ్‌స్ట్రాక్ట్ ఎలా రాయాలో చూద్దాం. ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం లెక్క కట్టినవి. ల్యాబులో మీటరు చూపేవీ వీటికి దగ్గర్లోనే ఉంటాయి.

0.10 మోలార్ అసిటిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, అంతే గాఢత గల సోడియం అసిటేట్ 50 మిల్లీలీటర్లు ఒక బీకరులో కలపాలి. రెండూ కలిపి చూస్తే దీని మొత్తం గాఢత 0.10 మోలార్. రెండో బీకరులో కూడా ఇదే మిశ్రమం, కానీ పదిరెట్లు పలుచగా. పీహెచ్ మీటరును ముందుగా తెలిసిన పీహెచ్ గల రెండు ప్రామాణిక ద్రావణాలతో సరిచేసుకోవాలి. ఈ పనికి 4, 7 పీహెచ్‌ల దగ్గరి ద్రావణాలు సరిపోతాయి. ఇప్పుడు మొదటి బీకరులో మీటరు 4.67 చూపిస్తుంది. పాఠ్యపుస్తకం లెక్క ప్రకారం 4.76 రావాలి కదా అని విద్యార్థి కంగారుపడతాడు. తప్పేమీ లేదు. ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకోవడంవల్ల ఆ మాత్రం తేడా వస్తుంది. పలుచటి బఫర్‌లో అయాన్లు తక్కువ కాబట్టి అక్కడ 4.73 కనిపిస్తుంది. మీటరు చూపినదే రాయాలి. పుస్తకంలోని అంకెను రీడింగుగా వేయకూడదు.

తర్వాత మొదటి బీకరులో 1.0 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఒక మిల్లీలీటరు కలపాలి. అంటే ఒక మిల్లీమోల్ క్షారం. బీకరులో ఆమ్లం 5 మిల్లీమోల్, లవణం 5 మిల్లీమోల్ ఉన్నాయి. క్షారం తగలగానే ఆమ్లం 4కు తగ్గి, లవణం 6కు పెరుగుతుంది. బాగా కలియబెట్టి రీడింగు నిలకడగా నిలిచేదాకా ఆగితే మీటరు 4.85 చూపిస్తుంది. పెరుగుదల 0.18. వంద మిల్లీలీటర్లలో ఒక మిల్లీమోల్ అంటే లీటరుకు 0.010 మోల్. దాన్ని 0.18తో భాగిస్తే 0.056.

అదే ఒక మిల్లీమోల్ క్షారాన్ని పలుచటి బఫర్‌లో వేస్తే కథ వేరు. అక్కడ ఆమ్లం అర మిల్లీమోలే ఉంది. అది మొత్తం ఖర్చయిపోయి, పట్టుకునే దిక్కులేక మిగిలిన అర మిల్లీమోల్ క్షారం పీహెచ్‌ను 11.7 దాకా తీసుకుపోతుంది. ఈ రీడింగును సూత్రంలో పెట్టి సామర్థ్యం ఇంత అని రాయడం చాలామంది చేసే పొరపాటు. బఫర్ కూలిపోయాక వచ్చిన అంకె అది. బఫర్ గురించి అది చెప్పేది కూలిపోయిందని మాత్రమే. పలుచటి బఫర్‌కు బీటా కట్టాలంటే క్షారాన్నీ పదోవంతుకు తగ్గించాలి. 0.10 మోలార్ ద్రావణం ఒక మిల్లీలీటరు కలిపితే పీహెచ్ 4.73 నుంచి 4.91కి పెరుగుతుంది. సామర్థ్యం 0.0056.

మరి ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి? మీటరు ఒక్కో రీడింగులో 0.01 అటూ ఇటూ ఉండవచ్చనుకుంటే, రెండింటి తేడాలో 0.02 దాకా తప్పు చేరవచ్చు. అంటే 0.18 అన్నది 0.16 నుంచి 0.20 దాకా ఏదైనా కావచ్చు. అప్పుడు సామర్థ్యం 0.050, 0.063 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే 0.056 ± 0.006 అని రాయాలి. కాలిక్యులేటర్ 0.0555555 అని చూపించినా ఆ వెనకటి అంకెలకు విలువ లేదు. క్షారాన్ని సగానికి తగ్గిస్తే పీహెచ్ తేడా 0.09కి పడిపోతుంది, అందులో 0.02 తప్పంటే ఐదోవంతుకు మించిన అనిశ్చితి. మరీ ఎక్కువ కలిపితే కొలుస్తుండగానే బఫర్ స్వభావం మారిపోతుంది. ఒక మిల్లీమోల్ ఈ రెండింటికీ మధ్యేమార్గం.

లెక్క సరిచూసుకోవడానికి ఒక హద్దు ఉంది. ఇలాంటి బఫర్ సామర్థ్యం దాని మొత్తం గాఢతను 0.576తో గుణిస్తే వచ్చేదాన్ని మించకూడదు. 0.10 మోలార్ బఫర్‌కు అది 0.058. ఆమ్లం, లవణం సమపాళ్లలో ఉన్నప్పుడే సామర్థ్యం ఆ హద్దుకు చేరుతుంది. ప్రయోగాన్ని మూడుసార్లు చేసినా 0.063 దగ్గరే వస్తుంటే బఫర్‌ను మెచ్చుకోనక్కర్లేదు, క్షారాన్ని అనుమానించాలి. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటాయి. నాలుగు గ్రాములు తూచి వంద మిల్లీలీటర్లు చేసినా ద్రావణం నిజంగా 1.0 మోలార్ కాకుండా 0.9 దగ్గరే ఉండిపోవచ్చు. అప్పుడు కలిసిన క్షారం తక్కువ, పీహెచ్ పెరిగేదీ తక్కువ. కాగితం మీద మాత్రం సామర్థ్యం ఎక్కువగా తేలుతుంది. అందుకే క్షారం గాఢతను ముందుగా పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో టైట్రేషన్ చేసి తెలుసుకోవాలి.

ఇంత పని జరిగాక అబ్‌స్ట్రాక్ట్ ఇలా వస్తుంది:

“గాఢతలో పదిరెట్ల తేడా ఉన్నా పీహెచ్ దాదాపు ఒకటే అయిన రెండు అసిటేట్ బఫర్ల సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిచి పోల్చాం. ఆమ్లం, లవణం సమపాళ్లలో ఉన్న 0.10, 0.010 మోలార్ బఫర్లను 100 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, మొదటిదానికి 1.0 మోలార్, రెండోదానికి 0.10 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 1.0 మిల్లీలీటర్ కలిపి, ముందూ తర్వాతా పీహెచ్ మీటర్‌తో రీడింగులు తీశాం. మొదటి బఫర్ పీహెచ్ 4.67 నుంచి 4.85కి, రెండోదానిది 4.73 నుంచి 4.91కి పెరిగింది. ఒక పీహెచ్ యూనిట్‌కు లీటరుకు మోల్‌లలో వాటి సామర్థ్యాలు 0.056 ± 0.006, 0.0056 ± 0.0006గా తేలాయి; సిద్ధాంతం ప్రకారం రావలసినవి 0.058, 0.0058. గాఢమైన బఫర్‌కు కలిపినంత క్షారాన్నే పలుచటి బఫర్‌కు కలిపినప్పుడు దాని పీహెచ్ 11.7కు చేరింది. పీహెచ్ దాదాపు ఒకటే అయినా, గాఢత పదోవంతుకు తగ్గినప్పుడు సామర్థ్యం కూడా సుమారు పదోవంతుకు తగ్గింది.”

ఆరు వాక్యాలు. మొదటిది ఏం కొలిచారో, రెండోది ఎలా కొలిచారో చెబుతుంది. తర్వాతి మూడూ అంకెలు, చివరిది నిర్ధారణ. పరికరాల జాబితా లేదు, బఫర్ నిర్వచనం లేదు, మీటరు సరిచేసిన వివరం లేదు. అవన్నీ నివేదిక లోపల ఉంటాయి. రీడింగులు మాత్రం ఉన్నాయి కాబట్టి, చదివినవారు కాగితం, పెన్సిల్ తీసుకుని 0.010ని 0.18తో భాగించి సామర్థ్యాన్ని తామే సరిచూసుకోగలరు.

చివరి వాక్యంలో ఎంత అన్నారో, అంతకన్నా ఎక్కువ అనలేదన్నది కూడా గమనించాలి. సామర్థ్యం ఎప్పుడూ గాఢతకు అనులోమానుపాతంలోనే ఉంటుందని సిద్ధాంతం చెబితే చెప్పవచ్చు. రెండే గాఢతల్లో కొలిచినవారు ఆ మాటను తమ ఫలితంగా రాసుకోలేరు. ఆమ్లం, లవణం తొమ్మిదికి ఒకటి పాళ్లలో ఉంటే ఏమవుతుందో ఈ ప్రయోగం చూడలేదు. నిజానికి అప్పుడు సామర్థ్యం మూడోవంతు దగ్గరకు పడిపోతుంది. కానీ కొలవని సంగతికి అబ్‌స్ట్రాక్ట్‌లో చోటు లేదు. రక్తానికీ మందులకూ ఇది పనికొస్తుందన్న మాటకూ లేదు.

అబ్‌స్ట్రాక్ట్ నివేదికలో మొదట కనిపించినా రాయవలసింది చివర్లోనే. పట్టిక పూర్తయి, లెక్కలు సరిచూసుకుని, నిర్ధారణ రాశాక నివేదికలోంచి ఆరు వాక్యాలు ఏరుకోండి. ఏ వాక్యంలోనైనా “అధ్యయనం చేశాం”, “గమనించాం” అని మాత్రమే ఉంటే, దాని పక్కన ఏం కనిపించిందో, ఎంత కనిపించిందో రాసి చూడండి. రాయడానికి అంకె దొరక్కపోతే ఆ వాక్యాన్ని తీసేయండి.