ఎంతమంది కావాలి, ఎవరు కావాలి: మానవ వనరుల ప్రణాళిక లెక్కలు

మానవ వనరుల ప్రణాళికలో మూడు పనులుంటాయి. రాబోయే కాలంలో సంస్థకు ఎందరు, ఏ నైపుణ్యంతో, ఎప్పుడు కావాలో ముందుగా లెక్కగట్టాలి. ఇప్పుడున్న సిబ్బందిలో అప్పటికి ఎందరు మిగులుతారో చూడాలి. ఈ రెండింటి మధ్య తేడాను పూడ్చే ఏర్పాటు చేసుకోవాలి. మొదటిది డిమాండ్ అంచనా, రెండోది సరఫరా అంచనా. సిబ్బంది నిర్వహణ పేపర్‌లో ఎంబీఏ, ఎంకామ్, యూజీసీ నెట్ విద్యార్థులకు ఈ అధ్యాయం నుంచి నిర్వచనాలు, పద్ధతుల పేర్లు అడుగుతుంటారు. వాటిని బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. లెక్క ఇచ్చినప్పుడు మాత్రం డిమాండ్‌ను, సరఫరాను కలిపేసినవారి జవాబు మొదటి మెట్టులోనే తప్పుతుంది.

పరీక్షలో వచ్చే తరహా లెక్క ఒకటి తీసుకుని చివరిదాకా చేసి చూస్తే సంగతి తేటపడుతుంది. వ్యవసాయ మోటార్లు తయారుచేసే ఒక కర్మాగారం వచ్చే ఏడాది 90,000 మోటార్లు చేయాలనుకుంది. ఒక్కో మోటారుకు 4 పనిగంటలు పడతాయని కాలపరిశీలనలో తేలింది. ఏడాదికి 300 పనిదినాలు, రోజుకు 8 గంటలు. కార్మికుల గైర్హాజరు 10 శాతం. ఇప్పుడు 160 మంది ఉన్నారు. ఏడాదిలో 6 మంది రిటైరవుతారు, 4 మందికి సూపర్‌వైజర్లుగా పదోన్నతి వస్తుంది, గత అనుభవాన్ని బట్టి ఇప్పుడున్నవారిలో 10 శాతం మంది రాజీనామా చేస్తారు. కొత్తగా ఎందరిని తీసుకోవాలి?

ఇక్కడ వాడాల్సింది పనిభార విశ్లేషణ. మొత్తం పనిని గంటల్లోకి మార్చి, ఒక మనిషి ఏడాదిలో నిజంగా పనిచేసే గంటలతో భాగించడమే దీని సారం. 90,000 మోటార్లకు 3,60,000 గంటలు కావాలి. ఒక కార్మికుడికి కాగితం మీద 2,400 గంటలుంటాయి. గైర్హాజరు తీసేస్తే మిగిలేవి 2,160. భాగిస్తే 166.67 వస్తుంది. మనిషిని ముక్కలు చేయలేం కనుక 167 మంది.

ఈ మెట్టులో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముందు 2,400తో భాగించి 150 తెచ్చుకుని, గైర్హాజరు కోసం దానికి 10 శాతం కలిపి 165 అని రాస్తారు. అదనంగా చేర్చిన ఆ 15 మంది కూడా పది రోజులకొకసారి పనికి రారన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. 150ని 0.9తో భాగించాలి, 1.1తో గుణించకూడదు. గైర్హాజరు 10 శాతమే ఉన్నప్పుడు తేడా ఇద్దరితో పోయింది. అదే 25 శాతం ఉంటే సరైన జవాబు 200, తప్పు దారిలో వచ్చేది 188. జవాబు సరైందో కాదో తేల్చుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. వచ్చిన సంఖ్యను 2,160తో గుణించి చూడాలి. 165 మందితో వచ్చేవి 3,56,400 గంటలు. కావలసిన దానికన్నా 3,600 తక్కువ. అంటే 900 మోటార్లు తయారు కాకుండా మిగిలిపోతాయి.

ఇక సరఫరా వైపు. 160 మందిలోంచి రిటైరయ్యే 6, పైకి వెళ్లే 4, రాజీనామా చేసే 16 తీసేస్తే మిగిలేది 134. కావలసింది 167. కనుక నియమించుకోవలసింది 33 మందిని. సరఫరా సంగతి మరిచి 167లోంచి నేరుగా 160 తీసేసినవారికి 7 వస్తుంది. ఏడుగురిని తీసుకున్న కర్మాగారం ఏడాది చివరికి 26 మంది కొరతతో ఉంటుంది. ఈ రెండు సంఖ్యల మధ్య దూరమే ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఉత్పత్తి పెద్దగా పెరగకపోయినా నియామకాలు ఆగకూడదని అది చూపిస్తుంది. 33లో 26 కొత్త పని కోసం కాదు, వెళ్లిపోయేవారి స్థానాల కోసమే. మంచి జవాబు రాసేవారు ఇంకో వాక్యం కూడా చేరుస్తారు. ఈ ఖాళీలన్నీ ఒకేరోజు రావు, ఏడాది పొడవునా వస్తాయి. పైగా కొత్తగా చేరినవారిలోనూ కొందరు తొలి నెలల్లోనే మానేస్తారు. కాబట్టి 33 అన్నది కనీస సంఖ్య.

పనిభార విశ్లేషణ యంత్రం ముందు నిలబడి చేసే పనులకు బాగా నప్పుతుంది. ఒక యూనిట్‌కు ఎన్ని గంటలో కొలవగలిగినచోటే అది నడుస్తుంది. సూపర్‌వైజర్ పనినో అకౌంట్స్ విభాగం పనినో అలా కొలవలేం. అక్కడ నిష్పత్తి పద్ధతి అందుకుంటుంది. పై కర్మాగారంలో 160 మందికి 8 మంది సూపర్‌వైజర్లుంటే ఒక్కొక్కరి కింద 20 మంది ఉన్నట్టు. 167 మందికి 8.35, అంటే తొమ్మిదో మనిషి కావాలా, ఉన్న ఎనిమిది మందే సర్దుకోగలరా అన్నది యాజమాన్యం తేల్చుకోవాలి. పాత నిష్పత్తే రేపూ సాగుతుందన్న నమ్మకం మీద ఈ పద్ధతి నిలబడుతుంది. కొత్త యంత్రం వచ్చినా, షిఫ్టు విధానం మారినా ఆ నమ్మకం చెల్లదు. గత సంవత్సరాల అమ్మకాలకూ సిబ్బంది సంఖ్యకూ మధ్య గీత గీసి ముందుకు పొడిగించే రిగ్రెషన్‌కు కూడా ఇదే బలహీనత ఉంది. గీత ఎంత చక్కగా కుదిరినా, అది గతానికి కుదిరిన గీతే.

గతం దారి చూపలేనప్పుడు నిపుణుల అంచనా మీద ఆధారపడాలి. డెల్ఫీ పద్ధతి అక్కడ పుట్టింది. అమెరికాలోని ర్యాండ్ సంస్థలో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ 1950ల మొదట్లో దీన్ని ప్రయోగించారు. రక్షణ రహస్యం కావడంతో ఆ ప్రయోగ వివరాలు 1963 దాకా ప్రచురణకు రాలేదు. అమెరికా ఆయుధోత్పత్తిని ఒక మేరకు దెబ్బతీయడానికి శత్రువుకు ఎన్ని అణుబాంబులు కావాలన్నది ఏడుగురు నిపుణులకు వేసిన ప్రశ్న. మొదట వచ్చిన అంచనాలు 50 నుంచి 5,000 దాకా ఉన్నాయి. ఒకరినొకరు కలవకుండా వరసగా ప్రశ్నావళులకు జవాబిస్తూ పోయేసరికి, నూరు రెట్లున్న తేడా సుమారు రెండింతలకు తగ్గింది.

సిబ్బంది అంచనాలోనూ పద్ధతి ఇదే. నిపుణుల పేర్లు ఒకరికొకరికి తెలియనివ్వరు. మధ్యవర్తి ఒకరు జవాబులను క్రోడీకరించి అందరికీ తిరిగి పంపుతారు. అది చూసి ఎవరి అంచనా వారు సవరించుకుంటారు. పెద్ద హోదాలో ఉన్నవారి మాటకు మిగతావారు తలూపే ప్రమాదం లేకపోవడమే దీని గుణం. నామినల్ గ్రూప్ పద్ధతితో దీన్ని పోల్చమని తరచూ అడుగుతారు. అందులో సభ్యులు ఒకే గదిలో కూర్చుంటారు, ఎవరి అభిప్రాయం వారు ముందు కాగితం మీద రాసి తర్వాత చర్చిస్తారు. డెల్ఫీలో ముఖాముఖి అసలు ఉండదు. అందరి అంచనాలూ ఒకచోటికి చేరినంత మాత్రాన అది నిజమని కాదు. ఏకాభిప్రాయం కూడా తప్పు కావచ్చు.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో డెల్ఫీ, నిష్పత్తి, పనిభార పద్ధతుల పక్కనే మార్కోవ్ విశ్లేషణను పెట్టి, డిమాండ్ అంచనా పద్ధతి కానిదేదని అడుగుతారు. జవాబు మార్కోవ్. అది ఎందరు కావాలో చెప్పదు, ఉన్నవారు ఎటు కదులుతారో చెబుతుంది. ఒక కార్యాలయంలో 100 మంది గుమాస్తాలు, 40 మంది అధికారులు, 10 మంది మేనేజర్లు ఉన్నారనుకుందాం. ఏటా గుమాస్తాల్లో 70 శాతం అక్కడే ఉంటారు, 15 శాతం అధికారులవుతారు, 15 శాతం వెళ్లిపోతారు. అధికారుల్లో 80 శాతం ఉంటారు, 10 శాతం మేనేజర్లవుతారు, 10 శాతం వెళ్లిపోతారు. మేనేజర్లలో 80 శాతం ఉంటారు. ఏడాది తర్వాత గుమాస్తాలు 70, అధికారులు 32కు 15 కలిపి 47, మేనేజర్లు 8కి 4 కలిపి 12. వెళ్లిపోయిన 21 మందినీ కలిపితే మళ్లీ 150 రావాలి. వస్తే కూడిక సరిపోయినట్టే.

ఈ కదలికలను చాలా ముందుగా గమనించకపోతే ఏమవుతుందో మన ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో కనిపించింది. 1969 జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేశాక శాఖలు విస్తరించి, 1970లు, 80లలో పెద్దఎత్తున నియామకాలు జరిగాయి. ఇరవైల వయసులో చేరిన ఆ తరం 60 ఏళ్లు నిండి 2010ల్లో వరసగా రిటైరైంది. మధ్యలో 1990లలో నియామకాలు బాగా తగ్గాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద సుమారు లక్ష మంది వెళ్లిపోయారు. దాంతో పైన రిటైర్మెంటుకు దగ్గరపడ్డవారు, కింద కొత్తవారు ఉండి, మధ్య వరుస పలచబడింది. రిటైరయ్యే తేదీ ఉద్యోగంలో చేరిన రోజే తెలుస్తుంది. సరఫరా లెక్కలో ఇంత కచ్చితంగా, ఇంత ముందుగా తెలిసే అంశం మరొకటి లేదు.

మార్కోవ్ లెక్క వచ్చే ఏడాది 12 మంది మేనేజర్లుంటారని చెప్పగలదు. ఆ నలుగురు కొత్తవారు ఎవరో చెప్పలేదు. వారసత్వ ప్రణాళిక అక్కడ మొదలవుతుంది. దీన్నీ రీప్లేస్‌మెంట్ చార్ట్‌నీ ఒకటిగా రాసేస్తే మార్కులు పోతాయి. రీప్లేస్‌మెంట్ చార్ట్ ఒక పటం. ప్రతి కీలక పదవికీ ఇప్పుడున్నవారి వయసు, వారి తర్వాత ఆ స్థానానికి పనికొచ్చే ఒకరిద్దరి పేర్లు, వారి ప్రస్తుత పనితీరు, ఇప్పుడే సిద్ధమా, ఇంకో రెండేళ్లు పడుతుందా అన్న వివరాలు అందులో ఉంటాయి. రేపు ఉన్నట్టుండి ఖాళీ వస్తే ఎవరన్న ప్రశ్నకు అది జవాబు. వారసత్వ ప్రణాళిక అంతకన్నా పొడవైన పని. ఐదేళ్లకో పదేళ్లకో ఆ పదవికి ఏ సామర్థ్యం అవసరమవుతుందో ఊహించి, కొందరిని వేర్వేరు విభాగాల్లో తిప్పి, బాధ్యతలు అప్పగించి తయారుచేయడం. ఒకే పేరు మూడు పదవుల గడిలో కనిపించే చార్టు చూడటానికి నిండుగా ఉంటుంది. నిజానికి అక్కడ మూడు పదవులకూ ఒక్క మనిషే ఉన్నాడు. ఆ ఒక్కరూ రాజీనామా చేస్తే మూడు గడులూ ఒకేసారి ఖాళీ అవుతాయి.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్. జాక్ వెల్చ్ తన వారసుణ్ని ఎంచే పని 1994లోనే మొదలుపెట్టారు. జాబితా వడపోతలో చివరికి మిగిలిన ముగ్గురూ పెద్ద విభాగాలను నడుపుతున్నవారే. వైద్య పరికరాల విభాగంలో జెఫ్రీ ఇమెల్ట్, విమాన ఇంజిన్లలో జేమ్స్ మెక్‌నెర్నీ, విద్యుదుత్పత్తి యంత్రాల్లో రాబర్ట్ నార్డెల్లి. 2000 నవంబరులో ఇమెల్ట్ పేరు ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే మెక్‌నెర్నీ త్రీఎం సంస్థకు, నార్డెల్లి హోమ్ డిపోకు అధిపతులుగా వెళ్లిపోయారు. పోటీ పెట్టి వారసుణ్ని ఎంచితే ఓడినవారు నిలవరన్నది వెల్చ్‌కు తెలుసు. అందుకే ఆ ఏడాది మధ్యలోనే ఆ మూడు విభాగాలకూ తర్వాతి అధిపతులను సిద్ధం చేసిపెట్టారు. ఒక పదవి కోసం చేసిన ప్రణాళిక, దాని కింద మూడు పదవుల ప్రణాళికగా మారింది. పై స్థాయిలో ఒక ఖాళీ వస్తే కింది వరకూ గొలుసుకట్టుగా ఎన్ని ఖాళీలు వస్తాయో ముందే గీసుకోవడం ఈ పనిలో భాగమే. పదవి బయటివారితో నింపితే ఆ గొలుసు అక్కడే తెగుతుంది, లోపలివారితో నింపితే కింద ఎక్కడో ఒకచోట కొత్త నియామకంతో ముగుస్తుంది. మోటార్ల కర్మాగారంలో నలుగురు కార్మికులు సూపర్‌వైజర్లుగా పైకి వెళ్లినప్పుడు 33లో నాలుగు స్థానాలు తెరుచుకున్నది అలాగే.