కొండ దిగుతూ వేడెక్కే గాలి

1943 జనవరి 22. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ అనే కొండల పాదాన ఉన్న స్పియర్‌ఫిష్ పట్టణం. ఉదయం ఏడున్నరకు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలి. రెండు నిమిషాల తర్వాత చూస్తే 7 డిగ్రీలు! తొమ్మిదింటికి 12 డిగ్రీలకు చేరింది. ఆ తర్వాత 27 నిమిషాల్లోనే మళ్లీ మైనస్ 20కి పడిపోయింది. ఆ ఎగుడుదిగుళ్లకు కిటికీ అద్దాలు పగిలిపోయాయి.

రెండు నిమిషాల్లో ఏ గాలీ 27 డిగ్రీలు వేడెక్కదు. ఊరి మీదున్న గాలే మారిపోయింది. శీతాకాలంలో బరువైన చల్లగాలి పల్లాన్ని ఆనుకుని పలచటి పొరలా పడి ఉంటుంది. కొండ మీది నుంచి దిగిన వెచ్చటి గాలి దాన్ని పక్కకు నెట్టేసింది. ఆ తోపు తగ్గగానే చల్లగాలి తిరిగొచ్చి తన చోటు ఆక్రమించింది. రెండు గాలుల సరిహద్దు ఊరి మీదుగా ముందుకూ వెనక్కూ జరిగిందన్నమాట.

ఇలాంటి గాలిని ఆల్ప్స్ పర్వతాల్లో ‘ఫోయెన్’ అంటారు. అమెరికా, కెనడాల్లో రాకీ పర్వతాల తూర్పు వైపున ‘షినూక్’ అంటారు. కాల్గరీలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన గాలే.

కొండ మీది గాలి చల్లగా ఉంటుంది కదా, కిందికి దిగితే వేడెలా అవుతుంది? కిందికి వచ్చేకొద్దీ చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి పెరుగుతుంది. సైకిల్ పంపులో నొక్కిన గాలి వేడెక్కినట్టే, దిగే గాలి కూడా నలిగి వేడెక్కుతుంది. ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. పైకెక్కే పొడిగాలి అదే లెక్కన చల్లబడుతుంది. మరి ఎక్కినప్పుడు పోయిన వేడే దిగినప్పుడు తిరిగొస్తే లాభమేముంది? ఆ లాభం మేఘంలో ఉంది.

ఇటలీ వైపు నుంచి ఆల్ప్స్ ఎక్కే గాలి 500 మీటర్ల ఎత్తున 10 డిగ్రీలు ఉందనుకుందాం. 800 మీటర్లకు 7 డిగ్రీలై మేఘం కట్టడం మొదలవుతుంది. ఆవిరి నీటిబొట్లుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది కాబట్టి, అక్కణ్నుంచి గాలి కిలోమీటరుకు ఆరు డిగ్రీల చొప్పున మాత్రమే చల్లబడుతుంది. 2,800 మీటర్ల శిఖరం దగ్గర మైనస్ 5. నీళ్లన్నీ వానగానో మంచుగానో ఇవతలే రాలిపోయాయనుకుంటే, అవతల పొడిగా దిగుతూ 500 మీటర్లకు వచ్చేసరికి 18 డిగ్రీలు. అదే ఎత్తున ఎనిమిది డిగ్రీలు ఎక్కువ! తేమ మాత్రం 30 శాతం లోపే.

ఈ వెచ్చదనం సహారా ఎడారి నుంచి వస్తోందని ఒకప్పుడు నమ్మేవాళ్లు. అది కాదని, దిగడంలోనే వేడి పుడుతోందని 1866లో ఆస్ట్రియా శాస్త్రవేత్త యూలియస్ హాన్ తేల్చాడు. అయితే పాఠ్యపుస్తకాలు వాననే మొత్తం కారణంగా చెప్పడం నాకు సరిగా అనిపించదు. ఇవతల చినుకు పడకుండానే ఫోయెన్ వీస్తుంది. కింది చల్లగాలి కొండకు అడ్డుపడి ఎక్కలేక ఆగిపోతుంది. శిఖరం ఎత్తున ఉన్న గాలి మాత్రం దాటి అవతలి లోయలోకి జారుతుంది. అది మొదటినుంచీ పైనున్న పొడిగాలే కాబట్టి, వాన సాయం లేకుండానే వెచ్చగా దిగుతుంది.

ఇక మంచు సంగతి. జర్మన్ మాట్లాడే ఆల్ప్స్ ప్రాంతాల్లో దీన్ని ‘మంచు తినేది’ అంటారు. మంచంతా ఆవిరైపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు చాలు. కరగకుండా నేరుగా ఆవిరవ్వాలంటే దాదాపు 680 కావాలి. అంటే గాలి మరీ పొడిగా ఉంటే, తెచ్చిన వేడిలో ఎక్కువ భాగం ఆవిరికే ఖర్చయి మంచు తగ్గడం నెమ్మదిస్తుంది. పై లెక్కలోని గాలిలో తేమ శాతం తక్కువే అయినా, మంచు నుంచి పెద్దగా ఆవిరి పీల్చేంత పొడి కాదు. అందుకే వేడంతా కరిగించడానికే పోతుంది. దానికి తోడు వేగం: మంచును తాకి చల్లబడిన పొరను బలమైన గాలి ఎప్పటికప్పుడు తోసేసి కొత్త వేడిని అందిస్తూనే ఉంటుంది. కొండవాలుల మీద తడిసి బరువెక్కిన మంచు చరియలుగా జారే ప్రమాదం అప్పుడే.

వచ్చింది ఫోయెనేనా అని తెలుసుకోవడానికి మూడూ ఒకేసారి చూడాలి: గాలి కొండ వైపు నుంచి వీచాలి, ఉష్ణోగ్రత గబుక్కున పెరగాలి, తేమ అంతే వేగంగా పడిపోవాలి. శిఖరం మీద గోడ కట్టినట్టు నిలిచిన మేఘం మరో గుర్తు.

అల్బెర్టా అడవుల్లో దీని జాడ నెలల తర్వాత కూడా కనిపిస్తుంది. నేల గడ్డకట్టి వేళ్లకు నీరందని రోజుల్లో షినూక్ పైన్ చెట్ల సూదుల్లోని తడిని పీల్చేస్తుంది. అవి ఎర్రబడి ఎండిపోతాయి. కింది లోయలో చల్లగాలి పొరలో మునిగి ఉన్న చెట్లు మాత్రం పచ్చగా ఉంటాయి. అందుకే కొండవాలు మీద ఎరుపు ఒక పట్టీలా అడ్డంగా తేలుతుంది. వెచ్చటి గాలి ఎంత కిందివరకూ దిగిందో ఆ పట్టీ అంచును బట్టి చెప్పవచ్చు.