పెద్ద వయసులో కారణం లేకుండా తగ్గే బరువు

65 ఏళ్లు దాటినవారు తగ్గాలని ప్రయత్నించకుండానే, 6 నెలల నుంచి ఏడాది లోపు తమ బరువులో 5 శాతం కోల్పోతే దాన్ని వయసు ప్రభావమని వదిలేయకూడదు. ఉదాహరణకు, 54 కిలోలున్న 72 ఏళ్ల స్త్రీ ఆరు నెలల్లో 50 కిలోలకు వస్తే, తగ్గింది 7 శాతానికి పైనే. తూకం లేని ఇంట్లో జాకెట్టు వదులవడం, గాజులు జారిపోవడం దీన్ని పట్టిస్తాయి. కాళ్లలో నీరు చేరినవారిలో మాత్రం ఆ నీటి బరువు అసలు నష్టాన్ని దాచేస్తుంది.

ఇలా తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, దానితోపాటు కండ కూడా పోతుంది. తరవాత బరువు పెరిగినా అందులో ఎక్కువ భాగం కొవ్వుగానే చేరుతుంది. తొడల కండ తగ్గితే కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది, తూలి పడే ప్రమాదం పెరుగుతుంది. జబ్బు చేసినప్పుడు శరీరం కండలోని ప్రొటీన్‌నే వాడుకుంటుంది. ఆ నిల్వ తక్కువైతే గాయాలు ఆలస్యంగా మానతాయి, ఇన్‌ఫెక్షన్ల నుంచి కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

అందుకే ముందుగా కారణం వెతకాలి. అదుపు తప్పిన షుగర్, థైరాయిడ్ ఎక్కువవడం, క్షయ, క్యాన్సర్, దిగులు, మతిమరుపు జబ్బు బరువును తగ్గించగలవు. కట్టుడు పళ్లు సరిపోక నమలలేకపోవడం, ఒంటరిగా తినాల్సి రావడం కూడా కారణాలే. మెట్‌ఫార్మిన్ వంటి కొన్ని మందులు ఆకలిని చంపుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించాలి. షుగర్, బీపీల కోసం ఏళ్ల క్రితం పెట్టుకున్న కఠిన పథ్యాన్ని సడలించవచ్చేమో కూడా అడగాలి.

వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. పైన చెప్పిన స్త్రీకి అది 50 నుంచి 60 గ్రాములు. రెండు ఇడ్లీలు, చారన్నం, మజ్జిగన్నంతో రోజు గడిపితే అందులో సగం కూడా అందడం కష్టం. రెండు గుడ్లతో 12 గ్రాములు, గ్లాసు పాలతో 6, గుప్పెడు వేరుసెనగలతో 7 గ్రాముల దాకా చేరతాయి. చారుకు బదులు ముద్దపప్పు, మజ్జిగకు బదులు గడ్డపెరుగు పెడితే మిగతా లోటు చాలావరకు తీరుతుంది. గుడ్డు తిననివారికి పనీరు, సెనగలు పనికొస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు.

కొద్దిగా తినగానే కడుపు నిండిపోయేవారికి మూడు పూటల భోజనాన్ని ఐదారు సార్లుగా పంచాలి. ముందు పప్పు, గుడ్డు తినిపించి, నీళ్లు, కాఫీ భోజనం తరవాత ఇవ్వాలి. అన్నంలో చెంచా నెయ్యి కలిపితే పరిమాణం పెరగకుండానే కేలరీలు పెరుగుతాయి.

ప్రొటీన్ కండగా మారాలంటే కండకు పని ఉండాలి. నడక మంచిదే గాని దానితో బలం అంతగా పెరగదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి సార్లు, వారానికి రెండు మూడు రోజులు చేయాలి. మొదట్లో చేతుల ఊతం తీసుకోవచ్చు. నెలకోసారి అదే తూకంపై బరువు చూసి రాసుకుంటే ఫలితం తెలుస్తుంది. తిండి పెంచినా బరువు తగ్గుతూనే ఉంటే పరీక్షలకు మళ్లీ వెళ్లాలి.