ఇంటర్న్‌షిప్ ప్రెజెంటేషన్: పది నిమిషాల్లో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ ఇప్పుడు చదువులో తప్పనిసరి భాగం. పని పూర్తయ్యాక రిపోర్టు ఇచ్చి, లెక్చరర్ల ముందు ప్రెజెంటేషన్ చెయ్యాలి. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. నెలల తరబడి బాగా పనిచేసినవాళ్లు కూడా సగం టైం ఆఫీసు చరిత్ర చెప్పడంతో గడిపేస్తారు. తర్వాత "కమ్యూనికేషన్, టీమ్ వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాను" అని ఒక జాబితా చదువుతారు. "సరే, నువ్వు స్వయంగా ఏం చేశావు?" అని సార్ అడిగితే మాట రాదు.

చేసిన పనులు, వచ్చిన నైపుణ్యాలు, నేర్చుకున్న పాఠాలు అని మూడు భాగాలు ఉండాలని అందరికీ తెలుసు. కానీ ఆ మూడూ విడివిడి జాబితాలు కావు. ప్రతి నైపుణ్యం వెనక ఒక పని కనిపించాలి. ప్రతి పాఠం వెనక ఒక సంఘటన ఉండాలి.

ఉదాహరణకు, ఒక బీకాం అమ్మాయి ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసిందనుకుందాం. అక్కడ ఆమె ముఖ్యమైన పని ఒక బట్టల వ్యాపారి కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో సరిచూడడం. సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో చూపించిన బిల్లుల పట్టికే ఈ 2బీ. ఇది మామూలుగా ప్రతి నెలా 14న పోర్టల్‌లో వస్తుంది. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారి 20లోపు 3బీ వెయ్యాలి. 2బీలో కనిపించని బిల్లు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోకూడదు. అంటే ఈ పనిలో తేడా వస్తే వ్యాపారి జేబుకే నష్టం.

చేసిన పనులు (4 నిమిషాలు): "బిల్లులు చెక్ చేశాను" అంటే ఏమీ తెలియదు. ఇలా చెప్పాలి: "ఒక నెలకు 240 బిల్లులు ఎక్సెల్‌లో ఎక్కించాను. 219 సరిపోయాయి, 21 సరిపోలేదు. వాటిలో 12 బిల్లు నంబర్ రాయడంలో తేడా, 6 అమ్మినవాళ్లు ఇంకా రిటర్న్ వెయ్యనివి, 3 నేను తప్పుగా ఎక్కించినవి." ఈ నాలుగు అంకెలతో ఒక చిన్న పట్టిక స్లైడ్‌లో పెడితే చాలు, పని మొత్తం కళ్లకు కడుతుంది.

నైపుణ్యాలు (2 నిమిషాలు): రెండు చాలు. "ఎక్సెల్ వచ్చు" అనే బదులు, రెండు పట్టికల్లో బిల్లు నంబర్లను వీలుకప్‌తో ఎలా పోల్చిందో, నంబర్‌లో ఒక్క ఖాళీ ఎక్కువున్నా అది ఎందుకు దొరకదో చెప్పాలి. రెండోది, రిటర్న్ వెయ్యని ఆరుగురికి ఫోన్ చేసి మర్యాదగా గుర్తుచెయ్యడం. కమ్యూనికేషన్ అంటే ఇదే.

పాఠాలు (2 నిమిషాలు): ఆ మూడు తప్పులే ఇక్కడ పనికొస్తాయి. అవి సూరత్ నుంచి వచ్చిన సరుకు బిల్లులు. వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ పడుతుంది. ఆమె అలవాటు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా ఎక్కించింది. సీనియర్ పట్టుకున్నారు. అప్పటి నుంచి బిల్లు మీద జీఎస్టీ నంబర్‌లోని మొదటి రెండు అంకెలు, అంటే రాష్ట్రం కోడ్, ముందు చూసి తర్వాతే ఎక్కించడం మొదలుపెట్టింది. "జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాను" అనడం కంటే, ముందు ఎలా చేసేది, తర్వాత ఎలా మార్చుకుంది అన్నది చెబితేనే అది పాఠం అవుతుంది. తప్పు ఒప్పుకుంటే మార్కులు పోతాయని భయపడనక్కర్లేదు. ఎలా దిద్దుకున్నారో చెప్పగలిగితే అదే నిజంగా పనిచేశారనడానికి సాక్ష్యం.

మిగిలిన రెండు నిమిషాల్లో మొదటిది ఆఫీసు పరిచయానికి, చివరిది ముగింపుకు. ఆరేడు స్లైడ్లు మించకూడదు.

రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. ఒకటి, వ్యాపారి పేరు, జీఎస్టీ నంబర్, అసలు బిల్లు ఫొటో స్లైడ్‌లో పెట్టకూడదు. "ఒక బట్టల వ్యాపారి" అంటే సరిపోతుంది. అంకెలు చూపించాలన్నా ఆఫీసువాళ్లను ముందే అడగాలి. రెండు, చెప్పే తేదీలు, పనులు లాగ్‌బుక్‌తో కలవాలి. లెక్చరర్ల చేతిలో ఉండేది అదే. మూడో వారం అని రాసిన పనిని మొదటి వారం అంటే అనుమానం అక్కడే మొదలవుతుంది. అందుకే స్లైడ్లు చెయ్యడం మొదలుపెట్టేది లాగ్‌బుక్ ముందు పెట్టుకునే.

ఇంట్లో ఉర్దూ, కాలేజీలో తెలుగు, స్లైడ్ మీద ఇంగ్లిష్ ఉన్న పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పడితే, మధ్యలో ఒక్క ప్రశ్న రాగానే మొత్తం ఆగిపోతుంది. ముందు ఇంట్లో అమ్మీకో, ఆపాకో ఉర్దూలో ఈ పనంతా చెప్పి చూడాలి. "ఆ 21 బిల్లులు ఎందుకు కలవలేదు?" అని వాళ్లు అడిగినప్పుడు కాగితం చూడకుండా జవాబు వస్తే, అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లో చెప్పడం కష్టం కాదు. అక్కడ తడబడితే, సరిచెయ్యాల్సింది ఇంగ్లిష్‌ను కాదు. లాగ్‌బుక్ తెరిచి ఆ పనిని మళ్లీ ఒకసారి చూసుకోవాలి.