ఫస్టియర్ విద్యార్థి ఈమెయిల్‌కు రెండో తాళం

ఓరియెంటేషన్ రోజున ఫస్టియర్ విద్యార్థులకు ఈమెయిల్ భద్రత గురించి చెప్పడానికి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ కాస్త సమయాన్నీ హ్యాకర్ల కథలతో భయపెట్టడానికి వాడితే దండగే. ప్రసంగం ‘Forgot password’ అనే చిన్న లింకు దగ్గర మొదలవడం మంచిది. ఇంటర్న్‌షిప్ దరఖాస్తు, ఆన్‌లైన్ కోర్సు, ఇన్‌స్టాగ్రామ్, షాపింగ్ సైటు... వీటిలో చాలావాటి పాస్‌వర్డ్ మరిచిపోతే, కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది ఈమెయిల్‌కే. కాబట్టి ఈమెయిల్ ఎవరి చేతికి చిక్కితే మిగతా ఖాతాలు కూడా ఒక్కొక్కటిగా వాళ్ల చేతికే పోతాయి.

ఇంటర్‌లో ఉండగా ఒక విద్యార్థి మాక్ టెస్టుల కోసం ఏదో సైటులో ఖాతా తెరిచాడనుకుందాం. గుర్తుంటుందని జీమెయిల్ పాస్‌వర్డే అక్కడా పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఆ సైటు డేటా బయటికి పొక్కింది. అలా దొరికిన ఐడీ, పాస్‌వర్డ్ జతలను జీమెయిల్‌లో వరసగా ప్రయత్నించి చూసే పని మనుషులు చేయక్కర్లేదు, ప్రోగ్రాములే చేసేస్తాయి. రెండంచెల లాగిన్ లేకపోతే తలుపు తెరుచుకున్నట్టే. ఉంటే, పాస్‌వర్డ్ సరిపోయినా రెండో ప్రశ్న దగ్గర పని ఆగిపోతుంది.

ఆ రెండో ప్రశ్నకు జవాబు ఎస్సెమ్మెస్‌లో తెప్పించుకోవచ్చు, ఆథెంటికేటర్ యాప్‌లోనూ చూసుకోవచ్చు. ఫస్టియర్ వాళ్లకు యాప్ ఎందుకు మేలో విడమరిచి చెప్పాలి. ఊరు విడిచి హాస్టల్‌కు వచ్చిన పిల్లలు చాలామంది సిమ్ మారుస్తారు, పాత నంబరుకు రీచార్జ్ ఆపేస్తారు. మన దేశంలో మూతపడిన నంబరును 90 రోజులు గడిచాక టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పటికీ ఖాతాలో ఆ నంబరే ఉంటే, ఓటీపీ వెళ్లేది ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోనుకు.

యాప్‌కు సిమ్‌తో పని లేదు, సిగ్నల్‌తోనూ లేదు. ఖాతాను యాప్‌కు కలిపేటప్పుడు ఒక రహస్య కీ సర్వర్ దగ్గరా ఫోనులోనూ నిలిచిపోతుంది. ఆ కీని, అప్పటి సమయాన్ని కలిపి ఇద్దరూ విడివిడిగా లెక్కగడితే ఒకే ఆరంకెల సంఖ్య వస్తుంది. 30 సెకన్లకోసారి అది మారుతుంది. అందుకే ఫోను గడియారం తప్పు చూపిస్తే కోడ్ చెల్లదు. సరైన కోడే కొట్టినా ‘తప్పు’ అని వస్తుంటే, ముందుగా ఫోనులో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో చూడాలి.

ఇంటికెళ్లి పెట్టుకోండంటే చాలామంది మరిచిపోతారు. హాల్లో కూర్చున్నప్పుడే చేయించడం ఉత్తమం. myaccount.google.com తెరిచి, భద్రత విభాగంలో ‘2-Step Verification’ ఆన్ చేసి, అక్కడే ‘Authenticator’ ఎంచుకోవాలి. తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. దాదాపు అందరూ చిక్కుకునేది ఇక్కడే: కోడ్ ఉన్నది ఫోను తెర మీద, స్కాన్ చేయాల్సిందీ అదే ఫోను! అప్పుడు కింద ఉన్న ‘Can't scan it?’ నొక్కితే అక్షరాల రూపంలో కీ వస్తుంది. దాన్ని కాపీ చేసి యాప్‌లో అతికిస్తే చాలు.

ఫోను పోతే ఎలా అన్న సందేహం హాల్లో ఎవరికో ఒకరికి రాకమానదు. అది న్యాయమైన సందేహం, దాన్ని దాటవేయకూడదు. అదే పేజీలో ‘Backup codes’ నొక్కితే ఎనిమిదంకెల కోడ్‌లు పది వస్తాయి. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫోనులోనే దాచుకుంటే ఫోనుతో పాటే పోతాయి. కాగితం మీద రాసి, సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టి, ఒక ప్రతి ఇంటి దగ్గర ఉంచాలి. కాలేజీ ఇచ్చిన మెయిల్ అయితే అడ్మిన్ సాయం చేయగలడు. సొంత జీమెయిల్‌కు అలా ఆదుకునే మనిషి ఉండడు. ఈ కాగితం గురించి చెప్పకుండా ముగిస్తే ఆ ప్రసంగం సగమే.

ఈ రెండో తాళం ఆపలేని మోసాన్ని కూడా విద్యార్థులకు చెప్పాలి. ‘స్కాలర్‌షిప్ వెరిఫికేషన్’ పేరుతో వచ్చిన లింకు తెరిస్తే అచ్చం గూగుల్ లాగిన్ లాంటి పేజీ కనబడుతుంది. అందులో పాస్‌వర్డ్, ఆరంకెల కోడ్ కొడితే, ఆ కోడ్ చెల్లే కొద్ది సెకన్లలోనే మోసగాడు వాటిని అసలు పేజీలో వాడేస్తాడు. కోడ్ కొట్టే ముందు పైనున్న చిరునామా సరిగ్గా accounts.google.com అవునో కాదో చూడాలి. పాస్‌కీ పెట్టుకుంటే ఆ పరీక్ష ఫోనే చేస్తుంది, నకిలీ చిరునామాకు అది జవాబివ్వదు. అప్పటికే కోడ్ కొట్టేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, ‘Your devices’ జాబితాలో తెలియని పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చేసి, మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ చిరునామా ఏదైనా కొత్తగా చేరిందేమో చూడాలి.