చీటీలో అడగకూడని ప్రశ్న

ప్రభుత్వోద్యోగి అనారోగ్య సెలవు ముగించుకుని మళ్లీ డ్యూటీలో చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కాగితం అధికారికి అందాక, జబ్బు సంగతి పక్క బల్లవాళ్లు ఆరా తీయాల్సిన పనిలేదు.

అయినా అడుగుతారు. "ఇంత చిక్కిపోయారేంటండీ?" అనడం మన దగ్గర ప్రేమే. చీటీలోకి ఎక్కితే మాత్రం సంజాయిషీ అడిగినట్టుంటుంది. "పూర్తిగా తగ్గిపోయిందిగా?" అన్నది ఇంకా ఇబ్బంది. ఇంకా మందులు వాడుతున్న మనిషి అబద్ధమైనా చెప్పాలి, కథంతా అయినా విప్పాలి. "మీరు లేక మా నడుం విరిగింది" అన్న పొగడ్త అప్పులా తగులుతుంది.

ఆర్నెల్ల తర్వాత బడికొస్తున్న లెక్కల టీచరుకైతే ఇలా రాయొచ్చు:

"మేడం, మీరు మళ్లీ వస్తున్నందుకు చాలా సంతోషం. మీ బీరువా తాళం హెడ్మాస్టరుగారి దగ్గరుంది. పదో తరగతికి వర్గ సమీకరణాల దాకా అయింది. మేడమీది క్లాసులు మార్చుకోవాలనుంటే చెప్పండి, సర్దుకుందాం. మధ్యాహ్నం ఎప్పట్లాగే అందరం కలిసి తిందాం. దీనికి జవాబు రాయనక్కర్లేదు."

ఇందులో జబ్బు ఊసే లేదు. సాయం ఉంది గానీ, కావాలో వద్దో తేల్చేది ఆమే.

చీటీ ఆమె బల్లమీద పెడితే చాలు. వాట్సాప్ గ్రూపులో పెడితే, వరసగా వచ్చిపడే పూలగుత్తుల బొమ్మలన్నిటికీ ఆమె దండాలు పెడుతూ కూర్చోవాలి.